సంజాయిషీ ఎవరివ్వాలి?

మా సంస్థలోని మానవ వనరుల విభాగం నుంచి (అందరం హెచ్.ఆర్. అనే అంటాం) ఈ మధ్య నాకొక మెమో వచ్చింది. "తప్పనిసరి శిక్షణకు మీరు హాజరు కాలేదు. మూడు పనిదినాలలోగా కారణం తెలియజేయాలి. తగిన ఆధారం జతపరచాలి. లేనిపక్షంలో ఈ విషయం మీ వార్షిక పనితీరు నివేదికలో నమోదవుతుంది." స్థూలంగా ఇదీ అందులో ఉన్నది. ఆ శిక్షణ దేని మీదో చెబితే మీకు నవ్వొస్తుంది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013 మీద. ఆ మధ్యాహ్నం నేనెక్కడున్నానో చెబితే ఇంకా నవ్వొస్తుంది. అదే చట్టం కింద మరొక సంస్థలో జరుగుతున్న విచారణలో, అంతర్గత కమిటీకి బయటి సభ్యురాలిగా కూర్చుని ఉన్నాను.

నవ్వుకుని, జవాబుగా రెండు ముక్కలు రాసి పడేస్తే సరిపోయేది. మా సహోద్యోగి ఒకాయన అదే సలహా ఇచ్చారు. "మీకు ఈ శిక్షణ ఎందుకండీ, మీరే పది చోట్ల ఇస్తుంటారు కదా, మినహాయింపు అడగండి" అన్నారు. నేను మినహాయింపు అడగలేదు. మా సంస్థ కమిటీలో ఇప్పుడు ఎవరున్నారో, ఫిర్యాదు ఎవరి చేతికి ఇవ్వాలో, మా అంతర్గత విధానంలో ఏం రాసుకున్నారో నాకూ తెలియాలి. పైగా "మాకు అన్నీ తెలుసు" అని ఇలాంటి సమావేశాలు ఎగ్గొట్టేవాళ్లు సాధారణంగా ఎవరో మనకందరికీ తెలుసు. వాళ్ల సరసన చేరడం నాకిష్టం లేదు. నాకు కావలసింది మినహాయింపు కాదు, మరో బ్యాచ్.

అయితే ఆ బ్యాచ్ అడగడానికి ముందు కారణం చెప్పాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మెమోతో పాటు ఒక ఫారం ఉంది. కారణం అన్న గడిలో మూడు అవకాశాలు: అనారోగ్యం, మంజూరైన సెలవు, ఇతరములు. ఇతరములు అని రాస్తే వివరాలివ్వాలి, ఆధారం జతపరచాలి. నా దగ్గరున్న ఆధారం విచారణకు రమ్మని ఆ కమిటీ పంపిన నోటీసు. అందులో ఫిర్యాదు చేసిన స్త్రీ పేరుంది, ఎవరి మీద ఫిర్యాదు చేసిందో అతని పేరుంది. చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులో ఏముందో, ఫిర్యాదీ ఎవరో, ఎదుటి వ్యక్తి ఎవరో, సాక్షులెవరో, విచారణలో ఏం జరిగిందో బయటపెట్టకూడదు. ఆ బాధ్యత అప్పగించబడిన వ్యక్తి దాన్ని మీరితే 17వ సెక్షన్ కింద జరిమానా. నిబంధనల్లో అది 5,000 రూపాయలు. అంటే లైంగిక వేధింపుల చట్టం మీద శిక్షణకు ఎందుకు రాలేదో రుజువు చేసుకోవడానికి నేను అదే చట్టాన్ని ఉల్లంఘించాలి!

"పేర్లు కొట్టేసి ఇవ్వండి మేడం, ఆ సంస్థ లెటర్‌హెడ్ కనిపిస్తే చాలు" అంది హెచ్.ఆర్.లో పనిచేసే అమ్మాయి. మంచి పిల్ల, తనకు అప్పగించిన పని చేస్తోంది. కానీ లెటర్‌హెడ్ కనిపించినా చాలు, ఫలానా సంస్థలో ఫలానా రోజున విచారణ జరుగుతోందని తెలిసిపోతుంది. మన ఊళ్లో పరిశోధనా సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఎన్నని! ఇక్కడివాళ్లు అక్కడ, అక్కడివాళ్లు ఇక్కడ పనిచేసినవాళ్లే. "అక్కడ ఎవరట?" అన్న ప్రశ్న సాయంత్రానికల్లా టీ కప్పులతో పాటు తిరుగుతుంది. పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి కనపడకుండా పోదు.

"పోనీ, ఆ విచారణే వాయిదా వేయించుకోవచ్చు కదా" అని కూడా అన్నారు. వేయించుకోవచ్చా? కమిటీలో కనీసం నలుగురుండాలి: సీనియర్ ఉద్యోగిని అయిన అధ్యక్షురాలు, ఉద్యోగుల నుంచి కనీసం ఇద్దరు, బయటి నుంచి ఒకరు. విచారణ జరపాలంటే అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు హాజరుండాలని నిబంధన. నేను వెళ్లే కమిటీలో ఉన్నది సరిగ్గా నలుగురు. వారిలో ఒకామె ప్రసూతి సెలవులో ఉంది. నేను కూడా రాకపోతే మిగిలేది ఇద్దరు, కోరం లేదు. మొత్తం విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఎప్పుడో నిర్ణయించిన తేదీ అది. మా సంస్థ శిక్షణ నోటీసు రెండు రోజుల ముందు వచ్చింది. సాక్ష్యం చెప్పడానికి గుండె దిటవు చేసుకుని వచ్చే స్త్రీకి "ఇవాళ కాదమ్మా, మళ్లీ రా, ఈవిడకి ఆఫీసులో ట్రైనింగ్ ఉందట" అని చెప్పాలా? ఇలా బయటి సభ్యులుగా వెళ్లినందుకు నిబంధనల ప్రకారం రోజుకు 200 రూపాయలు, దారి ఖర్చులు ఇస్తారు. కాబట్టి లాభం కోసం వెళ్లానని ఎవరూ అనలేరు.

ఇంతవరకూ నా గొడవ. నా గొడవ ఒక్కటే అయితే ఈ పేజీలు వృథా చేసేదాన్ని కాదు. హాజరుకాని వాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు. దాని ముందు నిలబడి పేర్లు ఒక్కొక్కటే చదివాక నాకు అసలు విషయం అర్థమైంది.

మొదటి పేరు మా క్షేత్ర పరిశోధకురాలిది. ఆ రోజు ఆమె మా సంస్థ పంపితేనే, మా సంస్థ పని మీదే, మారుమూల పల్లెలో ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరిస్తోంది. పంపిన చేత్తోనే ఎందుకు రాలేదని మెమో ఇచ్చారు. నాకు భన్వరీ దేవి గుర్తొచ్చింది. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేస్తూ, ఉద్యోగ ధర్మంగా ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ అన్యాయం నుంచి పుట్టిన కేసులోనే 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి కొనసాగింపే 2013 చట్టం. అంటే ఈ చట్టానికి మూలం ఏసీ హాల్లో కూర్చున్న ఉద్యోగిని కాదు, ఊళ్లో తిరిగిన క్షేత్ర కార్యకర్త. ఆ చట్టం మీద జరిగే శిక్షణలో ఇవాళ చోటు దొరకనిది కూడా క్షేత్ర కార్యకర్తకే!

రెండో పేరు ఒక యువ పరిశోధకురాలిది. ఆమె హాజరు పట్టీలో సంతకం పెట్టింది, సమావేశం మధ్యలో వెళ్లిపోయింది. రెండున్నరకు మొదలు కావలసింది నాలుగున్నరకు మొదలైంది, శిక్షణ ఇచ్చేవారు ఆలస్యంగా వచ్చారు కాబట్టి. పిల్లవాణ్ని ఉంచే క్రెష్ ఆరింటికి మూసేస్తారు. శిక్షకుల ఆలస్యానికి కారణం ఎవరూ అడగలేదు. తల్లి ముందుగా లేచిపోయినందుకు కారణం రాసివ్వమన్నారు.

మూడో పేరు గురించి ఆచితూచి రాయాలి. ఆమె అనుమతించిన మేరకే, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను. ఫారంలో ఆమె "తలనొప్పి" అని రాసింది. తర్వాత నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసి చెప్పింది, తలనొప్పి లేదని. ఆ సమావేశంలో స్వాగత వచనాలు పలికేది ఎవరో నోటీసులో చదివిందట. అతని ఎదుట కూర్చుని, మీకు ఇబ్బంది కలిగితే ధైర్యంగా చెప్పండని అతని నోటే వినడం తనవల్ల కాలేదట. ఆ గడిలో ఆమె ఏం రాయగలదు? నిజం రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. అదీ అంతర్గత కమిటీకి కాదు, హెచ్.ఆర్.కి. ఆమె ఇంకా ఫిర్యాదు చేయాలని నిర్ణయించుకోలేదు. రాయకపోతే పనితీరు నివేదికలో మచ్చ. కాబట్టి అబద్ధం రాసింది. ఒక స్త్రీ చేత అబద్ధం రాయించి ఫైలు చేసుకున్నాం మనం.

ఇందులో మరో ప్రమాదం ఉంది. ఫిర్యాదును ఘటన జరిగిన నాటి నుంచి, పదే పదే జరిగితే చివరి ఘటన నాటి నుంచి, మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలని ఆమెకు తెలియదు. ఎందుకంటే అది చెప్పే సమావేశానికే ఆమె రాలేకపోయింది! నా దగ్గరకు వచ్చేసరికి మూడు నెలలు దాటిపోయాయి. పరిస్థితుల వల్ల ఆలోగా ఇవ్వలేకపోయిందని కమిటీకి నమ్మకం కుదిరితే, కారణాలు రాసి, మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు. ఆ తలుపు ఇంకా మూసుకోలేదు. కానీ ఒక్కో వారం గడిచేకొద్దీ మూసుకుపోతోంది. "మళ్లీ ఏడాది పెడతాం లెండి, అప్పుడు రండి" అని హెచ్.ఆర్. తేలిగ్గా అనే మాట ఇలాంటి మనిషికి ఏమవుతుందో ఆలోచించండి. శిక్షణ పోవడమంటే ఒక మధ్యాహ్నం పోవడం కాదు. గడువు పోవడం.

ఇక, జాబితాలో లేని పేర్లు. మా మెట్లు కడిగే, టీలు అందించే, మరుగుదొడ్లు శుభ్రం చేసే స్త్రీలెవరూ గైర్హాజరు జాబితాలో లేరు. వాళ్లందరూ హాజరయ్యారా అంటే కాదు. వాళ్లను పిలవనే లేదు. "వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు కదా మేడం" అన్నారు. చట్టంలో ఉద్యోగి అంటే శాశ్వత ఉద్యోగి ఒక్కరే కాదు. తాత్కాలికంగా పనిచేసేవారు, రోజుకూలీలు, శిక్షణలో ఉన్నవారు, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారు, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవారు, అసలు యజమానికి తెలిసి వచ్చినా తెలియక వచ్చినా సరే, అందరూ ఉద్యోగులే. పిలవనివాళ్లు రాకపోతే అది లెక్కలోకి రాదు. అందుకే మా సంస్థ హాజరు శాతం అంత బాగుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ శిక్షణ ఎవరి బాధ్యత? చట్టంలో 19వ సెక్షన్‌ను చదవండి. యజమాని చేయవలసిన పనుల జాబితా అది. క్రమబద్ధమైన వ్యవధిలో ఉద్యోగులకు అవగాహనా కార్యక్రమాలు ఏర్పాటు చేయడం, కమిటీ సభ్యులకు శిక్షణ ఇవ్వడం అందులో ఉన్నాయి. "ఉద్యోగి హాజరు కావలెను, కాకున్న సంజాయిషీ ఇవ్వవలెను" అన్న మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. చట్టం బరువు పెట్టింది యజమాని భుజం మీద. మెమో ఆ బరువును నెమ్మదిగా ఉద్యోగిని భుజం మీదకు మార్చింది. ఒక్క మధ్యాహ్నం, ఒక్క హాలు, ఒక్క బ్యాచ్ పెట్టి, రాలేనివాళ్లందరినీ దోషులను చేస్తే యజమాని బాధ్యత తీరినట్టేనా?

ఇలా ఎందుకు జరుగుతుందో కూడా చెప్పాలి. ప్రతి సంవత్సరం సమర్పించే నివేదికలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు, 90 రోజులు దాటి ఎన్ని పెండింగులో ఉన్నాయి, ఎన్ని అవగాహనా కార్యక్రమాలు జరిపారు, ఏ చర్యలు తీసుకున్నారు అని ఉంటుంది. కార్యక్రమాలు ఎన్ని అని అడుగుతారు. ఎవరికి అందాయి అని అడగరు. కాబట్టి ఒకటి జరిపి "1" అని రాస్తే నివేదిక నిండుతుంది. ఆ ఒకటి ఏ వేళకు పెట్టారు, ఎవరు రాలేకపోయారు, ఎవరిని పిలవలేదు అన్నది ఏ గడిలోనూ పట్టదు.

హెచ్.ఆర్. వాదననూ న్యాయంగా వినాలి. "అందరికీ ఒకే నియమం మేడం. కారణం అడక్కపోతే పెద్ద సార్లు ఎవరూ రారు" అన్నారు. నిజమే. సంస్థ తన సర్వీసు నియమాల్లో ఈ శిక్షణను తప్పనిసరి చేయడం తప్పు కాదు, చేయాలి కూడా. నేనడిగేది క్రమం మార్చమని. ముందు మరో బ్యాచ్ ఇవ్వండి. వేరే రోజు, వేరే వేళ పెట్టిన రెండో అవకాశానికీ రాకపోతే అప్పుడు అడగండి. అప్పుడు మిగిలేది ఆ పెద్ద సార్లే. పల్లెలో ఉన్న పిల్లా, పాలిచ్చే తల్లీ రెండో బ్యాచ్‌కు వచ్చేస్తారు.

చివరికి నేను ఫారం నింపలేదు. ఉత్తరం రాశాను. మీలో ఎవరికైనా అవసరం పడవచ్చు కనుక దాన్ని యథాతథంగా ఇస్తున్నాను.

"మానవ వనరుల విభాగాధికారి గారికి,

లైంగిక వేధింపుల నివారణ చట్టంపై జరిగిన శిక్షణకు నేను హాజరు కాలేకపోయాను. ఆ సమయంలో, ముందే నిర్ణయమైన, చట్టరీత్యా గోప్యంగా ఉంచవలసిన ఒక బాధ్యతలో ఉన్నాను. దాని వివరాలు గానీ, సంబంధిత సంస్థ పేరు గానీ, పత్రాలు గానీ నేను ఇవ్వలేను. అవసరమనుకుంటే మన అంతర్గత కమిటీ అధ్యక్షురాలు ఒక్కరే ఆ పత్రం చూసి, నేను చెప్పింది నిజమేనని మీకు ఒక్క వాక్యంలో ధృవీకరిస్తారు. ఆ పత్రం నకలు ఏ ఫైలులోనూ ఉండకూడదు.

ఈ శిక్షణ నాకు కావాలి. కనుక మరో బ్యాచ్ ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. 19వ సెక్షన్ ప్రకారం ఇది సంస్థ బాధ్యత కాబట్టి దీన్ని నా ఒక్కరి విజ్ఞప్తిగా చూడవద్దు. ఆ బ్యాచ్ ఉదయం పూట ఉండాలి, తేదీ కనీసం రెండు వారాల ముందు తెలియజేయాలి, క్షేత్రంలో ఉన్నవారు తిరిగి వచ్చే రోజు చూసి పెట్టాలి. కాంట్రాక్టు మీద పనిచేసే స్త్రీలకు పనివేళల్లోనే, కూలి కోత లేకుండా, తెలుగులో జరపాలి. గైర్హాజరు జాబితాను నోటీసు బోర్డు నుంచి తీసివేయాలి. కారణం అడిగే గడిలో 'వ్యక్తిగతం, చెప్పదలచుకోలేదు' అన్న అవకాశం చేర్చాలి. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉందన్న సంగతి ఆ బోర్డు మీదే పెద్ద అక్షరాలతో రాయించాలి. వాటికోసం ఏ బ్యాచ్‌దాకా ఆగనక్కరలేదు."

కమిటీ అధ్యక్షురాలి ద్వారా ధృవీకరణ అన్న మాట ఊరికే రాయలేదు. ఆమె కూడా గోప్యతకు కట్టుబడిన మనిషి. ఇలాంటి పత్రం చూడగల మనిషి సంస్థలో ఎవరైనా ఉంటే ఆమే. మీలో చాలామంది బయటి సభ్యులుగా వెళ్తుంటారు కాబట్టి ఈ దారి గుర్తుపెట్టుకోండి. ఏ విచారణ నోటీసునూ సెలవు చీటీకి జతపరచకండి.

పది రోజులకు జవాబు వచ్చింది. జాబితా తీసేశారు. రెండో బ్యాచ్‌కు తేదీ ఇచ్చారు, ఉదయం పదింటికి. గడువు సంగతి బోర్డు మీద రాశారు, అక్షరాలు చిన్నవే అయినా. కారణం గడి గురించి "పరిశీలిస్తాం" అన్నారు. కాంట్రాక్టు స్త్రీల గురించి "ఏజెన్సీతో మాట్లాడతాం" అన్నారు. ఏజెన్సీతో ఏమీ మాట్లాడనక్కరలేదని, చట్టం దృష్టిలో పని చేయించుకుంటున్నది సంస్థేనని మళ్లీ రాశాను. దానికింకా జవాబు రాలేదు.

నిన్న సాయంత్రం మా అంతస్తు ఊడ్చే ఆమె ఆ బోర్డు ముందు చీపురు ఆనించి నిలబడింది. "ఇందులో ఏం రాసుందమ్మా, అందరూ చదువుతున్నారు?" అని అడిగింది. ఫిర్యాదు ఎవరికివ్వాలో, ఎన్నాళ్లలో ఇవ్వాలో చదివి చెప్పాను. "ఇది మాక్కూడానా?" అంది. మీకూ అన్నాను. "మరి మమ్మల్ని ఎవరూ పిలవలేదే?" అంది.

హెచ్.ఆర్. వారు మూడు పనిదినాలలోగా సంజాయిషీ ఇవ్వవలసింది ఆమెకు.